147, 144, 140: ఒకే డిమాండ్ లెక్కకు మూడు అంచనాలు ఎందుకొస్తాయి?

స్కూటర్ టైర్లు అమ్మే ఒక డీలర్ ఉన్నాడనుకుందాం. జనవరి నుంచి ఆగస్టు వరకు నెలనెలా అమ్ముడైన టైర్లు వరసగా 120, 132, 126, 138, 129, 147, 150, 144. సెప్టెంబరులో ఎన్ని అమ్ముడవుతాయో అంచనా వేయాలి. ఎంబీఏ ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ పేపర్‌లోనైనా, మెకానికల్ విద్యార్థులు రాసే గేట్‌లోనైనా ఫోర్‌కాస్టింగ్ ప్రశ్న సాధారణంగా ఈ రూపంలోనే వస్తుంది. ఈ అంకెలు చేత్తో చేసుకోవడానికి వీలుగా నేను కల్పించుకున్నవి.

మూడు నెలల మూవింగ్ యావరేజ్ తీస్తే సెప్టెంబరుకు 147 వస్తుంది. ఎక్స్‌పొనెన్షియల్ స్మూదింగ్‌లో ఆల్ఫా 0.5 తీసుకుంటే 144.19, ఆల్ఫా 0.3 అయితే 140.42. కూడికలు, భాగహారాలు ఎనిమిదో తరగతి స్థాయివే. అయినా ఈ లెక్కల్లో మార్కులు పోతుంటాయి. అవి పోయేది కూడికలో కాదు, ఏ అంకె ఏ నెలకు చెందుతుంది, లెక్క ఎక్కడ మొదలవుతుంది, ఏ నెలల తప్పులతో ఏ నెలల తప్పులను పోల్చాలి అన్న చోట.

ముందు మూవింగ్ యావరేజ్. జనవరి, ఫిబ్రవరి, మార్చి అమ్మకాలు కలిపితే 378, మూడుతో భాగిస్తే 126. ఈ 126 ఏ నెల వరసలో రాయాలి? బీకాం స్టాటిస్టిక్స్‌లో కాలశ్రేణుల పాఠం చదివి వచ్చినవాళ్లు దీన్ని ఫిబ్రవరి ఎదురుగా రాస్తారు. అక్కడ అది సరైనదే. జరిగిపోయిన కాలంలో ఎగుడుదిగుళ్లు చదును చేసి ట్రెండ్ చూడడం ఆ పాఠం ఉద్దేశం, కాబట్టి సగటు మధ్య నెలకు చెందుతుంది. ఇక్కడ మనం మార్చి చివర నిలబడి ముందుకు చూస్తున్నాం. మార్చి అమ్మకాలు తెలిశాక వేసిన లెక్క కాబట్టి 126 ఏప్రిల్ అంచనా అవుతుంది. ఈ ఒక్క వరస మారిపోతే, అంచనాకూ అసలు అమ్మకానికీ మధ్య కింద లెక్కించే తేడాలన్నీ తప్పుగా వస్తాయి. పైగా పొరపాటు జరిగినట్టు తెలియదు, ఎందుకంటే మధ్య నెల ఎదురుగా రాసినప్పుడు అంచనా అసలు అమ్మకానికి మరీ దగ్గరగా కనిపిస్తుంది. ఆ సగటులో ఆ నెల అమ్మకం కూడా కలిసే ఉంది కదా!

ఇలా ప్రతి నెలా ఒక పాత అంకెను వదిలేసి ఒక కొత్త అంకెను కలుపుకుంటూ పోతే మే అంచనా 132, జూన్ 131, జూలై 138, ఆగస్టు 142, సెప్టెంబరు 147. ప్రతిసారీ మూడు అంకెలు కొత్తగా కూడనక్కర్లేదు. ఆగస్టు అంచనా 142. సెప్టెంబరుకు వచ్చేసరికి లోపలికి వచ్చేది ఆగస్టు 144, బయటికి పోయేది మే 129. తేడా 15, అందులో మూడో వంతు 5. అంటే 142 + 5 = 147. ఈ చిన్న కిటుకును గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని ఉంది.

వెయిటెడ్ మూవింగ్ యావరేజ్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. బరువులు 0.5, 0.3, 0.2 అని ఇచ్చారనుకుంటే, పెద్ద బరువు తాజా నెలకు: 0.5 × 144 + 0.3 × 150 + 0.2 × 147 = 146.4. బరువులు తిరగేసి వేస్తే 147.3 వస్తుంది. ఆ జవాబు కూడా నమ్మదగ్గదిగానే కనిపిస్తుంది కాబట్టి చూసి పట్టుకోలేం. ప్రశ్నలో ఏ బరువు ఏ నెలకో మాటల్లో చదివి తేల్చుకోవాలి. బరువులు 3, 2, 1 అని ఇస్తే 6తో భాగించడం మర్చిపోకూడదు.

ఇప్పుడు ఆ కిటుకు దగ్గరికి వద్దాం. మూవింగ్ యావరేజ్ పాత అంచనాను ఎలా సరిదిద్దుతోంది? కొత్త అమ్మకంలోంచి, బయటికి పోయే పాత అమ్మకాన్ని తీసేసి, ఆ తేడాలో మూడో వంతు కలుపుతోంది. దీనికి పాత అమ్మకాల చిట్టా దగ్గరుండాలి. ఆ చిట్టా లేదనుకోండి. బయటికి పోయే అంకె ఎంతో తెలియదు. దాని స్థానంలో పెట్టడానికి మన దగ్గరున్న మంచి అంకె ఏది? ప్రస్తుత అంచనాయే. మూడో వంతు బదులు మనం ఎంచుకున్న భాగాన్ని పెట్టి, దానికి ఆల్ఫా అని పేరు పెడితే సూత్రం ఇలా తయారవుతుంది:

```
F(t+1) = F(t) + α × [A(t) − F(t)]
```

ఇక్కడ A అసలు అమ్మకం, F అంచనా. ఈ నెల అంచనా ఎంత తప్పిందో చూసి, ఆ తప్పులో కొంత భాగాన్ని వచ్చే నెల అంచనాలో సరిచేస్తున్నామన్నమాట. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళానికి పనిచేసిన రాబర్ట్ జి. బ్రౌన్ ఈ పద్ధతిని 1950ల్లో సరుకు నిల్వల లెక్కల్లోకి తెచ్చాడు. వేల రకాల విడిభాగాలున్న గోదాములో ఒక్కో వస్తువుకు నెలల తరబడి అమ్మకాలు దాచనక్కర్లేకుండా ఒక్క అంచనా దాచుకుంటే సరిపోవడం ఆ రోజుల్లో చిన్న సౌకర్యం కాదు.

మన టైర్ల లెక్కకు దీన్ని ఆల్ఫా 0.5తో వేద్దాం. వెంటనే ఒక చిక్కు వస్తుంది. మొదటి అంచనా ఎక్కడిది? ప్రశ్నలో ఇస్తే దాన్నే వాడాలి. ఇవ్వకపోతే మొదటి నెల అమ్మకాన్నే రెండో నెల అంచనాగా తీసుకోవడం వాడుక. ఆ మాట జవాబు పత్రంలో ఒక వాక్యంగా రాయడం మంచిది. కాబట్టి ఫిబ్రవరి అంచనా 120. అసలు అమ్మకం 132, తప్పు 12, అందులో సగం 6, మార్చి అంచనా 126. మార్చిలో సరిగ్గా 126 అమ్ముడయ్యాయి, తప్పు సున్నా, ఏప్రిల్ అంచనా కూడా 126. ఏప్రిల్‌లో 138, తప్పు 12, మే అంచనా 132. మేలో 129 మాత్రమే అమ్ముడయ్యాయి. తప్పు మైనస్ 3, సగం మైనస్ 1.5, జూన్ అంచనా 130.5. ఇలాగే జూలై 138.75, ఆగస్టు 144.375, సెప్టెంబరు 144.19.

ఆల్ఫా 0.3తో చేసినా దారి అదే, సరిదిద్దే భాగం మాత్రం తక్కువ. మూడింటినీ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది.

| నెల | అమ్మకం | 3 నెలల యావరేజ్ | ఆల్ఫా 0.5 | ఆల్ఫా 0.3 |
|---|---|---|---|---|
| ఫిబ్రవరి | 132 | – | 120.00 | 120.00 |
| మార్చి | 126 | – | 126.00 | 123.60 |
| ఏప్రిల్ | 138 | 126 | 126.00 | 124.32 |
| మే | 129 | 132 | 132.00 | 128.42 |
| జూన్ | 147 | 131 | 130.50 | 128.60 |
| జూలై | 150 | 138 | 138.75 | 134.12 |
| ఆగస్టు | 144 | 142 | 144.38 | 138.88 |
| సెప్టెంబరు | ? | 147 | 144.19 | 140.42 |

చివరి నిలువు వరసను మీరు చేత్తో వేస్తూ ప్రతి అడుగులో రెండు దశాంశాలకు కుదిస్తే జూన్‌కు 128.60 బదులు 128.59 వస్తుంది. కంగారు పడక్కర్లేదు. కానీ జవాబును అంకెల్లో టైప్ చేయాల్సిన పరీక్షల్లో మధ్యలో కుదించకుండా క్యాలిక్యులేటర్‌లో పూర్తి అంకె ఉంచుకుని, చివర ఒక్కసారే కుదించడం క్షేమం.

ఎక్సెల్‌లో సరిచూసుకునేవాళ్లకు ఇంకో ఉచ్చు ఉంది. Data Analysis లోని Exponential Smoothing పరికరం ఆల్ఫా అడగదు, Damping factor అడుగుతుంది. అది ఒకటిలోంచి ఆల్ఫా తీసేస్తే వచ్చేది. ఆల్ఫా 0.3 కావాలంటే 0.7 ఇవ్వాలి. అక్కడ 0.3 అని టైప్ చేస్తే అది ఆల్ఫాను 0.7గా తీసుకుంటుంది. అప్పుడు ఆగస్టు అంచనా 138.88 బదులు 147.63, సెప్టెంబరుది 140.42 బదులు 145.09 అవుతుంది.

పట్టికలో మూడు నెలల యావరేజ్‌నూ ఆల్ఫా 0.5నూ పక్కపక్కన చూడండి. ఏప్రిల్, మే అంచనాలు ఒకటే. జూన్, జూలైలలో తేడా ఒక టైరు కన్నా తక్కువ. సూత్రాలు వేరు, జవాబులు మాత్రం కవలల్లా ఉన్నాయి. దీనికి కారణం అంచనాలో వాడిన సమాచారం వయసు. సెప్టెంబరు అంచనాకు ఆగస్టు అమ్మకం ఒక నెల పాతది, జూలైది రెండు నెలలు, జూన్‌ది మూడు నెలలు. మూడింటికీ సమాన బరువు కాబట్టి సగటు వయసు రెండు నెలలు. ఎన్ని నెలల యావరేజ్ అయినా, ఆ సంఖ్యకు ఒకటి కలిపి రెండుతో భాగిస్తే సగటు వయసు వస్తుంది.

ఎక్స్‌పొనెన్షియల్ స్మూదింగ్‌లో ఏ నెలా పూర్తిగా బయటికి పోదు, బరువు మాత్రం తగ్గుతూ పోతుంది. ఆల్ఫా 0.5 అయితే ఆగస్టుకు 0.5, జూలైకి 0.25, జూన్‌కు 0.125. ఆల్ఫా 0.3 అయితే 0.3, 0.21, 0.147 అలా. ఈ బరువులతో సగటు వయసు కడితే అది ఒకటిని ఆల్ఫాతో భాగిస్తే వచ్చేదే. అంటే ఆల్ఫా 0.5కు రెండు నెలలు, 0.3కు మూడు నెలలపైన, 0.1కు పది నెలలు. మూడు నెలల యావరేజ్‌కూ ఆల్ఫా 0.5కూ వయసు ఒక్కటే కావడం వల్లే ఆ పోలిక. పాఠ్యపుస్తకాల్లో కనిపించే α = 2/(n+1) అనే సంబంధం ఈ రెండు వయసులూ సమానమని రాస్తే వచ్చేదే.

మొదటి అంచనా గురించి బెంగ ఎప్పుడు పడాలో కూడా ఈ బరువులే చెబుతాయి. ఫిబ్రవరికి మనం ఊహించి పెట్టిన 120ని సెప్టెంబరు దాకా ఏడుసార్లు సరిదిద్దాం. ఆల్ఫా 0.3 అయితే 0.7ను ఏడుసార్లు గుణించగా మిగిలేది 0.082. అంటే సెప్టెంబరు అంచనాలో ఆ ఊహకు 8 శాతం బరువే ఉంది. ఆల్ఫా 0.1 అయితే 0.9ని ఏడుసార్లు గుణించాలి, 0.478 వస్తుంది. జవాబులో దాదాపు సగం మనం మొదట్లో గాల్లోంచి తీసిన అంకెదే! ఎనిమిది నెలల డేటా ఇచ్చి ఆల్ఫా 0.1 వాడమంటే, మొదటి అంచనా ప్రశ్నలోనే ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే ఆ ప్రశ్న తయారు చేసినవాళ్లదే లోపం అంటాను.

ఇక ఏ పద్ధతి మెరుగు అన్న ప్రశ్న. సాధారణంగా మ్యాడ్ లెక్కించమంటారు. ప్రతి నెలా తప్పు ఎంతో చూసి, ప్లస్సులు మైనస్సులు పట్టించుకోకుండా సగటు తీయడం. మూడు నెలల యావరేజ్‌కు ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా తప్పులు 12, 3, 16, 12, 2. మొత్తం 45, ఐదు నెలలకు సగటు 9. ఆల్ఫా 0.3కు ఫిబ్రవరి నుంచే అంచనాలున్నాయి కాబట్టి ఏడు నెలల తప్పులూ కలిపితే 68.06, సగటు 9.72. తేడా పెద్దదేం కాదు అనిపిస్తుంది. కానీ ఈ పోలిక న్యాయం కాదు. ఒకరికి ఐదు నెలల పరీక్ష, ఇంకొకరికి ఏడు నెలల పరీక్ష పెట్టాం. ఆ అదనపు రెండు నెలల్లో మార్చి సులువైన నెల, తప్పు 2.4 మాత్రమే. ఇద్దరికీ ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకే లెక్కిస్తే ఆల్ఫా 0.3 మ్యాడ్ 10.73కు చేరుతుంది. అదే ఐదు నెలలకు ఆల్ఫా 0.5ది 8.63. కాబట్టి ఆల్ఫా 0.5 ముందు, మూడు నెలల యావరేజ్ దాని వెంటే, 0.3 వెనకబడింది.

చాలామంది జవాబు ఇక్కడితో ఆపేస్తారు. ప్రశ్న కూడా తరచుగా ఇక్కడే ఆగుతుంది. నా దృష్టిలో అసలు విషయం ఇప్పుడే మొదలవుతుంది, ఎందుకంటే మ్యాడ్ గుర్తులను చెరిపేస్తుంది. ఆ గుర్తులను వెనక్కి తెచ్చి చూద్దాం. మూడు నెలల యావరేజ్ తప్పులు +12, −3, +16, +12, +2. కూడితే +39. ఐదింటిలో నాలుగుసార్లు అమ్మకం అంచనాను దాటింది. ఆల్ఫా 0.3లోనైతే ఐదు తప్పులూ ప్లస్సే, మొత్తం 53.66.

ఈ మొత్తాన్ని మ్యాడ్‌తో భాగిస్తే వచ్చేదే ట్రాకింగ్ సిగ్నల్. యావరేజ్‌కు 39/9 = 4.33. ఆల్ఫా 0.5కు 36.375/8.625 = 4.22. ఆల్ఫా 0.3కు సరిగ్గా 5, ఎందుకంటే తప్పులన్నిటికీ ఒకే గుర్తు ఉన్నప్పుడు ట్రాకింగ్ సిగ్నల్ ఎన్ని నెలలుంటే అంతే అవుతుంది. సాధారణంగా వాడే హద్దు ప్లస్ లేదా మైనస్ 4. మూడు పద్ధతులూ దాన్ని దాటాయి. అంటే మూడింటిలో ఏది మెరుగు అని మనం తేల్చుకుంటుండగా, ఆ మూడూ ఈ డిమాండ్‌కు సరిపడవని వాటి తప్పులే చెబుతున్నాయి.

ఎందుకు సరిపడవు? మళ్లీ వయసు దగ్గరికే రావాలి. డిమాండ్ నెలకు పది చొప్పున పెరుగుతోందనుకోండి: 100, 110, 120, 130. మొదటి మూడింటి సగటు 110, నాలుగో నెల అసలు అమ్మకం 130. తేడా 20. రెండు నెలల వయసున్న సమాచారం, నెలకు పది పెరుగుదల, రెండింటినీ గుణిస్తే 20. పెరుగుతున్న డిమాండ్ వెనక ఈ అంచనాలు ఎప్పుడూ ఇంతే దూరంలో నడుస్తాయి, ఎన్ని నెలలైనా అందుకోలేవు. మన టైర్ల అంకెల గుండా ఒక ట్రెండ్ గీత గీస్తే పెరుగుదల నెలకు దాదాపు 3.7. దాన్ని రెండుతో గుణిస్తే 7.4. మూవింగ్ యావరేజ్ సగటు తప్పు గుర్తులతో సహా 39/5 = 7.8. దాదాపు సరిపోయింది. ఆల్ఫా 0.3కు ఈ వెనకబాటు 12 పైచిలుకుకు చేరాలి, కానీ మొదటి నెల 120 దగ్గర అంచనా, అమ్మకం కలిసే మొదలయ్యాయి కాబట్టి ఈ ఐదు నెలల్లో సగటున 10.73 దగ్గరే ఉంది. రాబోయే నెలల్లో ఇంకా పెరుగుతుంది.

ఆల్ఫాను 0.8కో 0.9కో పెంచితే వెనకబాటు తగ్గుతుంది కదా అని అడగొచ్చు. తగ్గుతుంది. కానీ అప్పుడు మేలో 129కి పడిపోవడం లాంటి ప్రతి చిన్న కుదుపునూ అంచనా నిజమని నమ్మి, జూన్‌కు తక్కువ సరుకు తెప్పిస్తుంది. జూన్‌లో అమ్ముడైనవి 147. ట్రెండ్‌కు మందు ఆల్ఫాలో లేదు.

అక్టోబరు అంచనా అడిగితే ఈ లోపం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. సెప్టెంబరు అమ్మకం ఇంకా తెలియదు, తప్పు తెలియదు, సరిదిద్దడానికి ఏమీ లేదు. కాబట్టి ఆల్ఫా 0.5తో అక్టోబరుకూ 144.19, నవంబరుకూ అదే. ఇది కంటికి వింతగా ఉన్నా, ఆ పద్ధతి ప్రకారం సరైన జవాబే. పెరుగుదల అనే మాటే దానికి తెలియదు, నేలమట్టంగా సాగే గీత తప్ప ఇంకేమీ గీయలేదు.

పెరుగుదలను కూడా గుర్తుపెట్టుకునే పద్ధతిని ఛార్లెస్ హోల్ట్ 1957లో ప్రతిపాదించాడు. అందులో మట్టానికి ఒక స్మూదింగ్, నెలనెలా పెరుగుదలకు ఇంకో స్మూదింగ్ ఉంటాయి. కొన్ని సిలబస్‌లలో దీన్నే ట్రెండ్ సర్దుబాటు చేసిన ఎక్స్‌పొనెన్షియల్ స్మూదింగ్ అంటారు. అంత దూరం వెళ్లకుండా ఉజ్జాయింపుగా చూడాలంటే, మూవింగ్ యావరేజ్ ఇచ్చిన 147కు వెనకబాటు 7.4 కలపండి, 154 వస్తుంది. ట్రెండ్ గీతను నేరుగా సెప్టెంబరు దాకా పొడిగిస్తే 152.5. రెండూ మన మూడు అంచనాలకు పైనే ఉన్నాయి.

పరీక్షలో మూడు నెలల మూవింగ్ యావరేజ్ అడిగితే రాయాల్సింది 147నే, 152 రాస్తే మార్కు రాదు. డీలర్ ఎన్ని తెప్పించాలో చెప్పే ముందు మాత్రం ఇంకొకటి చూడాలి. ఎనిమిది నెలల అంకెల్లో జూన్ నుంచి మొదలైన పెరుగుదల నిజంగా ట్రెండేనా, లేక వానలు మొదలయ్యాక అరిగిన టైర్లు మార్చుకునే వాళ్ల వల్ల ఏటా వచ్చే సీజనా అన్నది తేలదు. సీజనైతే 152 కూడా ఎక్కువే అవుతుంది, అప్పుడు వాడాల్సింది 1960లో పీటర్ వింటర్స్ హోల్ట్ పద్ధతికి సీజన్‌ను కూడా జతచేసి తయారు చేసినది. దానికి కనీసం రెండేళ్ల నెలవారీ అమ్మకాలు కావాలి, కాబట్టి ఆ డీలర్‌ను ముందు అడగాల్సింది నిరుటి బిల్లు పుస్తకం.